ఇంకో మూడు రోజులు ఉండాలంటే, రేటు ఇలా అడగండి

మహబూబ్‌నగర్‌లో పెళ్లి పనికో, సైట్ పనికో ఫర్నిష్డ్ ఫ్లాట్ నాలుగు రోజులకు తీసుకున్నారనుకోండి, రోజుకు 1,500. ఇంకో మూడు రోజులు కావాలంటే "రోజుకెంత?" అనొద్దు. ఓనర్ అదే 1,500 అంటారు, మొత్తం 10,500 అవుతుంది. ఏడు రోజులైతే వారం రేటు అడగొచ్చు. ఖాళీ చేసే రోజు పొద్దున దాకా ఆగకుండా, ముందు రోజే వాట్సాప్‌లో పెట్టండి:

"అన్నా, ఆదివారం 11 గంటల దాకా ఉంటాం. మొత్తం ఏడు రోజులకు వారం రేటు 9,500 చేస్తారా? 6,000 ఇచ్చాం, ఇంకా 3,500 ఇస్తాం. కరెంటు, క్లీనింగ్ అందులోనేనా?"

ఫోన్‌లో "చూద్దాంలే" అంటే ఒప్పుకున్నట్టు కాదు. "సరే" అని మెసేజ్ వచ్చాకే డబ్బు పంపండి. యాప్‌లో బుక్ చేసుంటే పొడిగింపు కూడా యాప్‌లోనే చేయించండి.