ఫైళ్లు, క్యూలతో నడిచే పరలోకాన్ని హాస్య నవల కోసం ఎలా కల్పించాలి?

చచ్చాక కూడా ఆఫీసు తప్పదన్న ఊహ చాలా పాతది. చిత్రగుప్తుడి చిట్టా మనందరికీ తెలిసిందే. చైనాలోని మావాంగ్‌దుయ్‌లో క్రీ.పూ. 168 నాటి ఒక సమాధిలో చిన్న చెక్క పలక దొరికింది. చనిపోయినవారి వ్యవహారాలు చూసే పాతాళపు అధికారికి సమాధిలోని మనిషి ఇంటి ఉద్యోగి రాసిన కవరింగ్ లెటర్ అది. సమాధిలో పెట్టిన వస్తువుల జాబితా పంపుతున్నామని, అందగానే పైఅధికారికి నివేదించమని అందులో ఉంది. పైగా రాసినవాడికి ఇది జోక్ కాదు.

కాబట్టి 'పరలోకంలో కూడా క్యూ ఉంది' అన్న ఒక్క చమత్కారం రెండు పేజీలకు మించి నడవదు. నవల మొత్తం నడవాలంటే ఆ ఆఫీసుకు లోపల ఒక తర్కం కావాలి. దాన్ని కట్టుకునే పద్ధతి ఇది.

ముందు ఒకే ఒక్క నియమం

పిచ్చి నియమాలు పది పోగేయకండి. విన్నవాడు 'అవును, న్యాయమే కదా' అనే నియమం ఒకటి చాలు. ఉదాహరణకు: 'ఒక మనిషి చేసిన పనులకు సాక్షులైన వారందరూ వచ్చేదాకా అతనికి తీర్పు చెప్పకూడదు.' ఎవరికీ అన్యాయం జరగకూడదనే పెట్టారు. వంక పెట్టడం కష్టం.

ఇప్పుడు దాన్ని ఒక మనిషి మీద ప్రయోగించండి. ముప్ఫై అయిదేళ్లు పాఠాలు చెప్పిన మాస్టారు డెబ్బయ్యో ఏట పోయారనుకుందాం. ఏడాదికి నలభై మంది కొత్త పిల్లల చొప్పున సాక్షులు 1,400 మంది. అరవయ్యో ఏట ఆయన రిటైరైనప్పుడు చివరి క్లాసు పిల్లలకు పదేళ్లు, ఇప్పుడు ఇరవై. వాళ్లలో ఒక్కరు ఎనభై అయిదేళ్లు బతికినా మాస్టారు ఇంకా అరవై అయిదేళ్లు బెంచీ మీద కూర్చోవాలి. ఆయన వెనకే ఒక జేబుదొంగ వస్తాడు. పర్సు పోయినవాళ్లు కూడా ఎక్కడో పడేసుకున్నాం అనుకున్నారే తప్ప వాణ్ణి చూడలేదు. సాక్షుల గడిలో 'లేరు' అని రాసి మూడు నిమిషాల్లో బయటపడతాడు. నలుగురి మధ్య బతికినవాడు ఇరుక్కుపోతాడు, ఎవరి కంటా పడనివాడు దాటిపోతాడు.

వ్యంగ్యం అక్కడ పుట్టింది. దాని కోసం మీరు ఒక్క జోక్ కూడా వేయలేదు. మీ నియమం ఇలాంటి తలకిందులు ఫలితం ఇవ్వకపోతే దాన్ని వదిలేసి ఇంకొకటి వెతకండి.

తర్వాత క్యూ లెక్క

ఈ లెక్క ఒక కాగితం మీద వేసుకోవాలి. ప్రపంచంలో ఏడాదికి సుమారు 6 కోట్ల మంది చనిపోతున్నారు, అంటే సెకనుకు దాదాపు ఇద్దరు. ఒక్కొక్కరికి కౌంటర్ దగ్గర మూడు నిమిషాలు పడితే, క్యూ పెరగకుండా ఉండడానికే 360 కౌంటర్లు రాత్రింబవళ్లు పనిచేయాలి. 350 మాత్రమే పెట్టారనుకోండి. ఒక కౌంటర్ రోజుకు 480 మందిని పంపుతుంది, కాబట్టి రోజూ 4,800 మంది మిగిలిపోతారు. ఆ క్యూ ఎప్పటికీ తగ్గదు. అందరూ కలిసి అరగంట లంచ్‌కి లేస్తే ఇంకో 3,600 మంది వచ్చి నిలబడతారు.

ఈ అంకెల్ని నవలలో గుమ్మరించకండి. వాటి వల్ల మీకు తెలిసేది ఒకటే: ఈ లోపం ఎవరి దుర్మార్గమూ కాదు, పది కౌంటర్లు తక్కువ, అంతే. ఆ పది ఎందుకు మంజూరు కాలేదన్నది మీకొక అధ్యాయం. మంజూరు చేయాల్సిన అధికారి కూడా తన సాక్షుల కోసం ఎదురుచూస్తున్నాడేమో!

ఫారం పూర్తిగా రాయండి

చాలామంది 'ఏదో ఒక పెద్ద ఫారం ఇచ్చారు' అని రాసి వదిలేస్తారు. నవ్వు వివరంలోనే ఉంటుంది. మాస్టారి ఫారంలో ఒక గడి ఇలా ఉండొచ్చు:

'గడి 11: దరఖాస్తుదారు చర్యలను ప్రత్యక్షముగా చూసినవారి పేర్లు, ఇంటిపేర్లతో సహా వ్రాయవలెను. చోటు చాలనియెడల అదనపు కాగితము జతచేయవలెను. అదనపు కాగితము కొరకు విడిగా దరఖాస్తు చేసుకొనవలెను. గమనిక: దరఖాస్తుదారునకు పేరు జ్ఞాపకము లేని వ్యక్తి సాక్షిగా పరిగణింపబడడు.'

ఫారం భాష గ్రాంథికంగా బిగుసుకుని ఉండాలి, కౌంటర్ దగ్గర మాట మామూలుగా ఉండాలి. 'పరిగణింపబడడు అంటే ఏంటండీ?' అని మాస్టారు అడిగితే, 'మర్చిపోతే లెక్కలోకి రారు సార్, నెక్స్ట్' అంటాడు గుమాస్తా. రెండూ ఒకే భాషలో ఉంటే సన్నివేశం చప్పబడుతుంది.

పోయేది ఏదో ఒకటి ఉండాలి

పరలోకపు కథలు ఎక్కువగా మధ్యలో చతికిలబడేది ఇక్కడే. పాత్ర మళ్లీ చచ్చిపోదు, ఆకలి లేదు, కాలం బోలెడంత ఉంది. అరవై అయిదేళ్లు కూర్చుంటే ఏం పోయింది? పాఠకుడికి టెన్షన్ ఎందుకు? కాబట్టి ఎదురుచూసే కొద్దీ తరిగిపోయేది ఒకటి పెట్టాలి. మన ఆఫీసులో జ్ఞాపకం తరుగుతుందనుకుందాం.

ఇప్పుడు గడి 11 కింద ఉన్న గమనిక మళ్లీ చదవండి. మాస్టారు ఒక పిల్లవాడి పేరు మర్చిపోతే ఒక సాక్షి తగ్గుతాడు. చిన్నవాళ్ల పేర్లు పోయిన కొద్దీ ఆయన వంతు ముందుకు వస్తుంది. పక్క బెంచీ మీదివాళ్లు త్వరగా మర్చిపోవడానికి చిట్కాలు చెప్పుకుంటుంటారు. ఈయన మాత్రం తన అదనపు కాగితాల మీద హాజరుపట్టీ రాసుకుంటూ, వరసగా పేర్లు వల్లె వేస్తుంటాడు. అందరూ ఆయన్ని పిచ్చివాడిలా చూస్తారు. నియమం, ఫారం, కథ ఇక్కడ ఒకే ముడిలో పడ్డాయి.

ఆ గమనిక మొదటి అధ్యాయంలోనే, నవ్వుకుని దాటిపోయేలా కనిపించాలి. ముగింపులో ఏ లొసుగు వాడినా ముందే పాఠకుడి కంటబడి ఉండాలి. చివర్లో కొత్త సర్క్యులర్ పుట్టించి పాత్రను గట్టెక్కిస్తే అది మోసం.

గుమాస్తా

క్రూరుడైన గుమాస్తా వద్దు. అతను మర్యాదస్తుడు, మాస్టారంటే జాలి ఉన్నవాడు, ఏమీ చేయలేనివాడు. అతని సాక్షులూ రాలేదు, ఈలోగా తాత్కాలికంగా కౌంటర్ అప్పగించారు, అది జరిగి మూడొందల ఏళ్లయింది. మరి అతన్ని చూసినవాళ్లంతా ఎప్పుడో వచ్చేసి ఉండాలి కదా అని చురుకైన పాఠకుడు పట్టుకుంటాడు. పట్టుకోనివ్వండి. కౌంటర్‌కి వచ్చే ప్రతి మనిషీ అతని పనికి కొత్త సాక్షే కాబట్టి అతని సాక్షుల జాబితా ఎప్పటికీ పూర్తికాదని సగం పుస్తకం అయ్యాక చెప్పండి.

గాడి తప్పిందని ఎలా తెలుస్తుంది?

డ్రాఫ్ట్ పూర్తయ్యాక ఆఫీసు నియమాలన్నీ పక్కన రాసుకోండి. ఒక్కసారే కనిపించి మాయమైన నియమం, కథ ఇరుక్కున్నచోట మీరు అతికించినదే అయ్యుంటుంది, కొట్టేయండి. వరసగా రెండు క్యూ సన్నివేశాలు వస్తే రెండో దాంట్లో పాత్ర పరిస్థితి మారిందో లేదో చూడండి. మాస్టారు ముందు 1,400 పేర్లతో నిలబడి, తర్వాత 1,392తో నిలబడితే అవి రెండు వేర్వేరు సన్నివేశాలు. పేర్లన్నీ అలాగే ఉండి టోకెన్ నంబర్ మాత్రమే మారితే ఒకటి తీసేయాలి. ఏది తీయాలో తేల్చుకోలేకపోతే, గుమాస్తా ఎక్కువ మాట్లాడినదాన్ని తీసేయండి.