పార్లర్ మెసేజ్ పాఠాలు – 4: ఉగాది శుభాకాంక్షలు, పక్కన ఒక చిన్న ఆఫర్

పోయిన పాఠంలో వాట్సాప్‌లో కస్టమర్ల నంబర్లు లేబుళ్ళ కింద సర్దుకున్నాం. తెలుగువాళ్ళు ఒక లేబుల్, కన్నడవాళ్ళు ఒకటి, ఆరు నెలలుగా రానివాళ్ళు ఒకటి. అది పూర్తి కాకపోతే ముందు అది చేసుకుని రండి. ఈ పాఠం మొత్తం ఆ తెలుగు లేబుల్ మీదే నడుస్తుంది.

ఈరోజు ఒకే ఒక్క మెసేజ్ రాస్తాం. ఉగాదికి పార్లర్ నుంచి శుభాకాంక్షలు, దానితో పాటు ఒక చిన్న ఆఫర్. రాయడం పది నిమిషాల పని. ఆఫర్ ఏమివ్వాలి, ఏ రోజులకి ఇవ్వాలి, మెసేజ్ ఎప్పుడు పంపాలి అన్న మూడింటికే ఎక్కువ ఆలోచన కావాలి. అందుకని క్యాలెండర్‌తో మొదలుపెడదాం.

2026లో ఉగాది మార్చి 19, గురువారం. ముందు రోజు బుధవారం కొత్త అమావాస్య. దానికి ముందు రోజు మంగళవారం. బెంగళూరులో చాలా సెలూన్లకి మంగళవారం సెలవన్నది మీకు తెలిసిందే. అమావాస్య రోజు జుట్టు కత్తిరించుకునేవాళ్ళు తక్కువ. అంటే పండుగకి ముందు వచ్చే జనమంతా శని, ఆది, సోమ, అంటే 14, 15, 16 తేదీల్లోనే వచ్చేస్తారు. ఆ మూడు రోజులూ మా మారతహళ్ళి వైపు పార్లర్లలో కుర్చీ ఖాళీ ఉండదు. ఎలాగూ నిండే కుర్చీకి తగ్గింపు ఇస్తే చేతిలో డబ్బు పారేసుకున్నట్టే. కాబట్టి ఆ రోజులకి ఆఫర్ వద్దు.

ఇక పండుగ తర్వాత. గురువారం పండుగ కాబట్టి శుక్రవారం ఒక్క రోజు లీవు పెడితే ఆదివారం దాకా నాలుగు రోజులు కలిసొస్తాయి. మన తెలుగు కస్టమర్లలో సగం మంది బుధవారం రాత్రి బస్సెక్కి చిత్తూరుకో, అనంతపురానికో, కర్నూలుకో వెళ్ళిపోతారు. ఊళ్ళోనే ఉన్న కన్నడవాళ్ళకి పండుగ మర్నాడు హొసతొడకు, ఇంట్లో మాంసం వంటల హడావిడి. ఊరెళ్ళినవాళ్ళు తిరిగొచ్చాక, 23 సోమవారం నుంచి ఆ వారమంతా పార్లర్ బోసిగా ఉంటుంది. అందరూ పండక్కి ముందే చేయించుకున్నారు కదా. మనం నింపుకోవాల్సింది ఆ వారం. ఆఫర్ 23 నుంచి 27 వరకు.

ఇప్పుడు ఆఫర్ ఏమిటి? ఇక్కడ నేను పోయిన ఏడాది చేసిన తప్పు చెప్తాను. 2025 ఉగాది ఆదివారం వచ్చింది. శుక్రవారం సాయంత్రం హడావిడిగా ఇది పంపాను:

«మీకు, మీ కుటుంబ సభ్యులకు విశ్వావసు నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు!!! పండుగ సందర్భంగా మా పార్లర్‌లో అన్ని సర్వీసులపై 20% భారీ తగ్గింపు! త్వరపడండి!»

ఎప్పటివరకో రాయలేదు. మే నెల మధ్యలో ఒకావిడ వచ్చి ఫోన్ తీసి ఈ మెసేజ్ చూపించారు. ఆవిడ చేయించుకున్నది 5,000 రూపాయల స్మూతెనింగ్. అందులో 1,000 రూపాయలు వదులుకున్నాను. ఆవిడ తప్పేమీ లేదు, నేను రాసిందే ఆవిడ చదివారు. స్మూతెనింగ్‌లో క్రీము ఖర్చే చాలా ఉంటుంది, నాలుగైదు గంటలు ఒక అమ్మాయి అక్కడే నిలబడాలి. ఆ బిల్లులో నాకు మిగిలింది దాదాపు ఏమీ లేదు. అదే 20 శాతం 60 రూపాయల థ్రెడింగ్‌కి ఇస్తే కస్టమర్‌కి తగ్గేది 12 రూపాయలు. దానికోసం ఎవరూ ప్రత్యేకంగా రారు. పెద్ద బిల్లు మీద మనకి నష్టం, చిన్న బిల్లు మీద వాళ్ళకి లాభం కనిపించదు. అన్ని సర్వీసులకీ ఒకే శాతం పెడితే వచ్చే చిక్కు ఇది.

దానికి బదులు ఒక సర్వీసు పూర్తి ధరకి అమ్మి, పక్కన మనకి దాదాపు ఖర్చు లేని ఇంకొకటి ఉచితంగా ఇవ్వండి. మా దగ్గర హెయిర్ స్పా 900. దాని మీద 20 శాతం అంటే 180 పోతుంది. దానికి బదులు ఐబ్రోస్ థ్రెడింగ్ ఉచితం అన్నామనుకోండి. కస్టమర్ లెక్కలో అది 60 రూపాయల వస్తువు. మనకయ్యేది కొంచెం దారం, ఐదు నిమిషాల సమయం. పైగా ఐబ్రోస్‌కి కూర్చున్నవాళ్ళు చాలాసార్లు «అప్పర్ లిప్ కూడా చేసేయండి» అంటారు. దాని డబ్బు మామూలుగానే వస్తుంది. ఒకటి ఒప్పుకోవాలి. మూడు నాలుగు వారాలకోసారి థ్రెడింగ్‌కి ఎలాగూ వచ్చే కస్టమర్ అయితే ఆ 60 మనకి నిజంగానే పోతుంది. అయినా ఆవిడ 900 సర్వీసుకి ఖాళీ రోజున వచ్చారు కాబట్టి నాకు సమ్మతమే.

హెయిర్ స్పానే ఎందుకంటే, మన ఆడవాళ్ళలో చాలామంది శుక్రవారం కూడా జుట్టు కత్తిరించుకోరు. స్పాకి ఆ పట్టింపు లేదు. హెయిర్ కట్ మీద ఆఫర్ పెట్టి ఉంటే శుక్రవారం వృథా అయ్యేది.

ఇప్పుడు రాద్దాం. పాత మెసేజ్‌నే ముందు పెట్టుకుని ఒక్కో ముక్కా మారుద్దాం.

మొదటి లైను. ఫోన్ తెర మీద నోటిఫికేషన్‌లో కనిపించేది మొదటి రెండు లైన్లే. «మీకు, మీ కుటుంబ సభ్యులకు» అని మొదలయ్యేవి ఆ వారంలో వాళ్ళకి యాభై వస్తాయి. అందుకని మొదట మీరెవరో చెప్పండి. చాలామంది మన నంబర్‌ని «పార్లర్» అని మాత్రమే సేవ్ చేసుకుంటారు, వాళ్ళ ఫోన్లో ఇంకో రెండు పార్లర్లు ఉండొచ్చు.

సంవత్సరం పేరు. ఈసారి వచ్చేది పరాభవ నామ సంవత్సరం. అరవై ఏళ్ళ చక్రంలో అది ఒక పేరు, ఇంతకు ముందు 1966లో వచ్చింది. పంచాంగ శ్రవణంలో పంతులుగారు చదివితే బాగానే ఉంటుంది. కానీ పరాభవం అంటే మామూలు మాటలో ఓటమి, అవమానం. శుభాకాంక్షల మెసేజ్‌లో ఆ మాట నేను పెట్టను. «ఉగాది శుభాకాంక్షలు» అంటే చాలు, లోటేమీ ఉండదు.

శుభాకాంక్షల తర్వాత మీ పార్లర్‌కి మాత్రమే సరిపోయే ఒక వాక్యం రాయండి. షడ్రుచులు, కోయిల కూతలు అందరూ పంపుతారు. మా పార్లర్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడలు కూడా గోడ పట్టుకుని ఎక్కి వస్తారు. నేను అదే రాశాను. ఇదిగో:

«నమస్తే అండీ, మారతహళ్ళి ____ పార్లర్ నుంచి ____ని.
మీకూ, ఇంట్లో అందరికీ ఉగాది శుభాకాంక్షలు. లిఫ్ట్ లేకపోయినా ఏడాదంతా మెట్లెక్కి మా దగ్గరికే వచ్చారు, చాలా సంతోషం.

పండక్కి ఊరెళ్ళి వచ్చాక తీరిగ్గా రండి. \*మార్చి 23 నుంచి 27 వరకు\* హెయిర్ స్పా (900 రూపాయలు) చేయించుకున్నవాళ్ళకి ఐబ్రోస్ థ్రెడింగ్ ఉచితం. 24 మంగళవారం సెలవు.

ఏ రోజు, ఎన్ని గంటలకి వస్తారో దీనికే రిప్లై పెట్టండి. మీ టైము ఉంచుతాను.»

తేదీలకి అటూ ఇటూ నక్షత్రం గుర్తు పెడితే వాట్సాప్‌లో అవి బోల్డ్‌గా కనిపిస్తాయి. అదొక్కటి చాలు, మెసేజ్ అంతా బోల్డ్ చేయకండి. ఆఖరి తేదీ అంకెల్లోనే రాయండి. నాకు మొదట «శ్రీరామనవమి వరకు» అని రాయాలనిపించింది, వినడానికి బావుంటుందని. కానీ ఈసారి నవమి తిథి 26 మధ్యాహ్నానికి ముందు మొదలై 27 ఉదయం దాకా ఉంది. ఆఖరి రోజు ఏదని కౌంటర్ దగ్గర వాదన పెట్టుకోవడం ఎందుకు?

ఆఖరి వాక్యం తీసేయకండి. «త్వరపడండి» అంటే ఏం చేయాలో ఎవరికీ తెలియదు. రిప్లై పెట్టమంటే పెడతారు. అప్పుడు మీరే «గురువారం మూడింటికి ఖాళీగా ఉంది, రాగలరా అండీ?» అని ఖాళీ వేళకి మళ్ళించవచ్చు. రద్దీగా ఉండే సాయంత్రాలు మామూలు కస్టమర్లకి మిగులుతాయి.

ఎప్పుడు పంపాలి? 17 మంగళవారం సాయంత్రం ఏడు గంటలకి. ఆ రోజు మనకి సెలవు, వచ్చిన రిప్లైలకి వెంటనే జవాబివ్వొచ్చు. బుధవారం అమావాస్య, ఆ రోజు పండుగ శుభాకాంక్షలు అందుకోవడం కొందరికి ఇష్టం ఉండదు. ఉగాది పొద్దున పంపితే మామిడాకుల బొమ్మల కింద మన మెసేజ్ కూరుకుపోతుంది.

ఎలా పంపాలి? గ్రూపు మాత్రం పెట్టకండి. గ్రూపులో ఒకరి నంబర్ అందరికీ కనిపిస్తుంది, ఆడవాళ్ళ నంబర్లు అలా బయటపెట్టడం తప్పు. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ చేసుకోండి. ఒక లిస్ట్‌లో 256 మంది దాకా పడతారు, ప్రతి ఒక్కరికీ విడిగా పంపినట్టే చేరుతుంది. ఒక షరతుంది: మీ నంబర్ తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్ళకే అది చేరుతుంది. పంపిన మర్నాడు ఆ మెసేజ్‌ని నొక్కి పట్టుకుని Info తెరవండి. చేరినవాళ్ళ పేర్లు అక్కడ ఉంటాయి. అందులో లేనివాళ్ళలో ఎక్కువమంది మీ నంబర్ సేవ్ చేసుకోనివాళ్ళే. వాళ్ళకి మళ్ళీ మళ్ళీ పంపకండి, ఈసారి పార్లర్‌కి వచ్చినప్పుడు కౌంటర్ దగ్గర అడిగి సేవ్ చేయించండి. ఎవరైనా మెసేజ్‌లు వద్దంటే ఆ రోజే లిస్ట్ నుంచి తీసేయండి. రిపోర్టులు ఎక్కువైతే నంబరే ఆగిపోవచ్చు.

బ్రాడ్‌కాస్ట్‌లో ఒక్కొక్కరి పేరూ పెట్టడం కుదరదు, అందుకే «నమస్తే అండీ» అన్నాం. ఏళ్ళ తరబడి వస్తున్న పదిహేను ఇరవై మందిని ఆ లిస్ట్‌లోంచి తీసి, ఇదే మెసేజ్‌ని «నమస్తే పద్మ గారూ» అంటూ విడిగా పంపండి. అరగంట పడుతుంది, నేను తప్పకుండా చేస్తాను.

ఇంకో సంగతి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు తెలుగు చక్కగా మాట్లాడతారు గానీ చాలామందికి చదవడం రాదు. వాళ్ళని తెలుగు లేబుల్‌లోంచి తీసి ఇంగ్లీషులో పంపండి. కన్నడ కస్టమర్లకీ అదే ఉగాది. వాళ్ళ మెసేజ్ పార్లర్లో పనిచేసే కన్నడ అమ్మాయితో రాయించి, పైకి చదివించుకుని వినండి. రంజాన్ కూడా ఆ వారాంతంలోనే. ముస్లిం కస్టమర్లకి నెలవంక కనిపించాక వేరే శుభాకాంక్షలు పంపండి, ఉగాదిది ఫార్వర్డ్ చేయకండి.

వచ్చే పాఠానికి అభ్యాసం: మీ పార్లర్లో మీకు దాదాపు ఖర్చు లేని సర్వీసు ఒకటి, పూర్తి ధర సర్వీసు ఒకటి రాసి, రెండింటి పక్కనా సామాను ఖర్చు, పట్టే నిమిషాలు వేయండి. తర్వాత పైన ఖాళీలున్న మెసేజ్‌లో లిఫ్ట్ వాక్యం తీసేసి, మీ పార్లర్‌కి మాత్రమే సరిపోయే వాక్యం పెట్టండి. మీ ఇంకో ఫోన్‌కి పంపుకుని, తెర తెరవకుండా నోటిఫికేషన్‌లో ఎంతవరకు కనిపిస్తుందో చూడండి. మీ పార్లర్ పేరు అందులో కనిపించకపోతే మొదటి లైను ఇంకా కుదించండి.

అయిదో పాఠంలో రిప్లైల సంగతి చూద్దాం. «28న వస్తే ఇస్తారా?» అని అడిగినవాళ్ళకి ఏమని రాయాలో అక్కడి నుంచే మొదలుపెడతాం.