గ్రూపులో అందరూ "సరే సార్" అంటారు, పని మాత్రం వేరేలా జరుగుతుంది: లైన్ సిబ్బందికి రాసే సందేశాల్లో సమస్యలు, పరిష్కారాలు

విద్యుత్ సెక్షన్‌లో పొద్దున్నే ఫోనులో గ్రూపు మోగుతుంది. సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ఏ ఫీడర్ లైను మీద పని, దాన్ని ఆపి పనికి అనుమతించే ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, ఎవరు తీసుకోవాలి, స్తంభం ఎవరు ఎక్కాలి అన్నవి చాలాచోట్ల అక్కడే తేలిపోతున్నాయి. సూపర్‌వైజర్ రాసే ఆ నాలుగు వాక్యాలు సరిగా లేకపోతే ఆ లోటు స్తంభం మీద ఉన్న మనిషి మీద పడుతుంది. 11 కేవీ లైనులో ఇన్సులేటర్లు మార్చడమనే మామూలు పనిని తీసుకుని, సందేశం ఎక్కడ చెడుతుందో, ఎలా బాగుచేయాలో చూద్దాం.

సమస్య: అందరూ "సరే సార్" అన్నారు. తీరా చూస్తే, ఆపిన తీగను భూమికి కలిపే ఎర్తింగ్ ఒకవైపే వేశారు.

ముందు పంపిన సందేశం చదవండి.

> "ఈ రోజు ఊరి ఫీడర్‌లో ఇన్సులేటర్లు మార్చాలి. అందరూ జాగ్రత్తగా ఉండాలి. ఎల్‌సీ లేకుండా ఎక్కితే కఠిన చర్యలు తప్పవు. ఎన్నిసార్లు చెప్పినా కొందరికి అర్థం కావడం లేదు."

కారణం: ఇందులో చేయదగిన పని ఒక్కటే ఉంది, ఇన్సులేటర్లు మార్చడం. జాగ్రత్త అనేది చేతితో చేసే పని కాదు. ఏ స్విచ్ తీయాలో, ఎన్నిచోట్ల ఎర్త్ వేయాలో చెప్పనప్పుడు ఎవరికి తోచింది వాళ్లు చేస్తారు. చివరి వాక్యం ఎవరిని ఉద్దేశించిందో తెలియదు కాబట్టి అందరికీ తగులుతుంది. దానికి ఇవ్వగల జవాబు "సరే సార్" తప్ప మరొకటి లేదు.

పరిష్కారం: సిబ్బందికి ముందే తెలిసింది వదిలేసి, ఈ రోజు ఈ చోట మారినదేమిటో రాయండి. అదే సందేశం ఇలా ఉండవచ్చు. ఇక్కడ పదవులు మాత్రమే రాశాను, మీరు పేర్లతో రాయండి.

> "అందరికీ నమస్కారం. చెరువుగట్టు దగ్గరి స్తంభం మీద 11 కేవీ పిన్ ఇన్సులేటర్లు 3 మార్చాలి. సమయం 10 నుంచి 12 వరకు.
>
> పోయిన వారం అక్కడ వ్యవసాయ ఫీడర్ తీగలు కొత్తగా లాగారు. అవి మన స్తంభానికి దగ్గరగా దాటుతున్నాయి. అందుకే రెండు ఫీడర్లకూ ఎల్‌సీ కావాలి. లైన్ ఇన్‌స్పెక్టర్ గారు తీసుకుంటారు, తిరిగి ఇచ్చేదీ ఆయనే. రెండు నంబర్లూ వచ్చాకే పని మొదలుపెడదాం.
>
> పక్కనే ఉన్న ఫంక్షన్ హాల్‌లో ఈ రోజు పెళ్లి ఉంది, జనరేటర్ నడుస్తుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఏబీ స్విచ్ తీసి, ఎల్‌టీ ఫ్యూజులు కూడా తీయండి. స్విచ్ మూడు బ్లేడ్లూ విడిపోయాయో లేదో కళ్లతో చూడండి.
>
> టెస్టర్‌తో చూశాక పనిచోటుకు రెండు వైపులా, వ్యవసాయ ఫీడర్ తీగలకు కూడా ఎర్త్ వేయాలి. ఒక సెట్ క్లాంపు విరిగింది, దాని బదులు సబ్‌స్టేషన్ నుంచి మరొకటి 9:30కి పంపిస్తున్నాను. అది రాకపోతే పని రేపు చేద్దాం. ఆలస్యానికి జవాబు నేను చెప్పుకుంటాను.
>
> అక్కడ పరిస్థితి దీనికి భిన్నంగా కనిపిస్తే పని ఆపి నాకు ఫోను చేయండి."

ఈ సందేశం మొదటిదానికంటే పొడవే. అయినా ఇందులో ఉన్నదంతా పనికి కావలసిందే. కొత్త తీగల సంగతి పాతికేళ్ల అనుభవం ఉన్న లైన్‌మన్‌కు కూడా తెలియకపోవచ్చు. సబ్‌స్టేషన్ ఆపరేటర్ అడిగిన ఫీడర్‌కే ఎల్‌సీ ఇస్తారు, దాన్ని దాటే ఫీడర్ గురించి అడగకపోతే అది చార్జ్‌లోనే, అంటే కరెంటుతోనే ఉంటుంది. జనరేటర్ మాట ఎందుకంటే, సరైన చేంజోవర్ స్విచ్ లేని చోట దాని కరెంటు సర్వీసు తీగ గుండా ట్రాన్స్‌ఫార్మర్‌కు వెనక్కి వెళ్లగలదు. 415 వోల్టులు అక్కడ తిరగబడి 11 వేల వోల్టులై, మనం ఆపామనుకున్న లైనులోకి వస్తాయి.

క్లాంపు వాక్యాన్ని మాత్రం ఎట్టిపరిస్థితిలోనూ వదలకండి. సామాను సగమే ఇచ్చి నియమం మాత్రం పూర్తిగా పాటించమంటే, అంతకు మించిన అగౌరవం లేదని నా అభిప్రాయం. పని వాయిదా పడితే పైవాళ్లకు ఎవరు చెప్పుకోవాలో రాసి ఉంటే, ఒక సెట్‌తోనే కానిచ్చేద్దామన్న తొందర సిబ్బందికి ఉండదు.

సమస్య: సీనియర్లు నొచ్చుకుంటున్నారు, కొత్తవాళ్లు అడగడం లేదు.

కారణం: ఒకే సందేశంలో ఇద్దరికీ పాఠం చెప్పబోవడం. ఎర్త్ రాడ్ వేసేటప్పుడు ముందు భూమి వైపు బిగించాలని, తర్వాతే తీగకు తగిలించాలని, తీసేటప్పుడు దానికి తలకిందులుగా చేయాలని సీనియర్‌కు గ్రూపులో చెబితే ఆయనకు చిన్నతనంగా ఉంటుంది. కొత్తగా చేరిన జూనియర్ లైన్‌మన్‌కు మాత్రం అది తెలియాలి, అయితే పదిమంది ముందు "తెలియదు" అనడానికి నోరు రాదు.

పరిష్కారం: వరస క్రమం గ్రూపులో రాయకండి. స్తంభం కింద నిలబడి, సీనియర్‌నే చూపించమని అడగండి: "మీరొకసారి వేసి చూపించండి, కొత్తవాళ్లు చూస్తారు." అప్పుడు ఆయన అనుభవానికి గౌరవం దక్కుతుంది, కొత్తవాళ్లకు అడగాల్సిన అవసరమే రాదు.

పిలుపు దగ్గర కూడా చూసుకోవాలి. పర్మినెంటు ఉద్యోగికి "గారు, మీరు" అని రాసి, అదే సందేశంలో కాంట్రాక్టు కార్మికుడికి "నువ్వు వెళ్లి ఫ్యూజులు తీయి" అని రాస్తే గ్రూపంతా గమనిస్తుంది. ఫోనులో చనువుగా ఎలా మాట్లాడుకున్నా, రాతలో అందరికీ "మీరు" ఉండాలి.

సమస్య: ప్రమాదం తప్పిన సంగతి మీకు వారం తర్వాత, వేరే సెక్షన్ వాళ్ల ద్వారా తెలుస్తుంది.

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. అంతకుముందు ఎవరో ఒక పొరపాటు చెప్పారు, దాన్ని పేరుతో సహా గ్రూపులో పెట్టారు. ఆ రోజు నుంచి మిగతావాళ్లు నోరు మూసుకున్నారు.

పరిష్కారం: మనిషితో మాట్లాడాల్సింది విడిగా మాట్లాడండి. గ్రూపులో చోటు గురించే రాయండి: "రైల్వే గేటు దగ్గరి ఏబీ స్విచ్ హ్యాండిల్ కిందకు వచ్చినా మధ్య బ్లేడు అంటుకునే ఉంటోంది. నిన్న చూసి చెప్పినవారికి కృతజ్ఞతలు. మరమ్మతు అయ్యేవరకు దాన్ని నమ్మకండి, వెనక స్విచ్ తీయండి." మరమ్మతు పూర్తయ్యాక ఆ మాట కూడా అక్కడే రాయాలి. చెప్పిన దానికి ఫలితం కనిపించకపోతే రెండోసారి ఎవరూ చెప్పరు.

సమస్య: సందేశం పంపారు, కానీ చూడాల్సిన మనిషి చూడలేదు.

కారణం: చేతికి గ్లవ్స్ ఉన్న మనిషి, స్తంభం మీద ఉన్న మనిషి ఫోను చూడరు. కొందరిది మామూలు ఫోను, గ్రూపులోనే ఉండరు.

పరిష్కారం: పొద్దుటి ప్రణాళికకు సందేశం చాలు. పని మొదలయ్యాక వచ్చే మార్పును సందేశంలో పెట్టకూడదు. ఫోను చేసి, విన్న మనిషి చేత తిరిగి చెప్పించుకోవాలి. "అర్థమైందా?" అంటే పరీక్షించినట్టు ఉంటుంది. "నేను సరిగా చెప్పానో లేదో చూసుకుంటాను, ఒకసారి మీరు చెప్పండి" అంటే ఎవరికీ తప్పుగా తోచదు.

ఎల్‌సీ తిరిగి ఇవ్వడం మాత్రం ఏ పరిస్థితిలోనూ గ్రూపు ద్వారా జరగకూడదు. "పని అయిపోయింది" అన్న ఒక్క ముక్క చూసి మరొకరు సబ్‌స్టేషన్‌కు ఫోను చేయగలరు, అవతలి స్తంభం మీద ఇంకో మనిషి ఉండగానే. ఎల్‌సీ తీసుకున్నవారే మనుషులందరూ కిందకు దిగారని పేరుపేరునా లెక్క చూసుకుని, వేసిన ఎర్త్ రాడ్లన్నీ తీశారని నిర్ధారించుకుని, సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కు ఎల్‌సీ నంబరు చెప్పి స్వయంగా తిరిగి ఇవ్వాలి. గ్రూపులో రాయాల్సింది ఆ తర్వాతే: "రెండు ఎల్‌సీలూ తిరిగి ఇచ్చాం, ఇప్పుడు రెండు ఫీడర్లూ చార్జ్‌లో ఉన్నాయి, ఎవరూ ఎక్కకండి."