పండుగ రిలీజుకు ముందు ఎక్స్‌ప్లోరేటరీ టెస్టింగ్: జాగ్రత్తలు

సంక్రాంతి రద్దీకి ముందు టికెట్ల యాప్‌లో రద్దు, రీఫండ్‌లను ముందే రాసుకున్న స్టెప్పులు లేకుండా, వాడి చూస్తూ పరీక్షించే వారికి:

– నోట్స్ అప్పటికప్పుడే రాయండి, సెషన్ ముగిశాక కాదు. ఒకసారి మాకు రీఫండ్ రెండుసార్లు జమైంది. ఎంత ప్రయత్నించినా ఆ లోపం మళ్లీ కనిపించలేదు. అంతకుముందు కూపన్ వాడి తీసేసిన సంగతి ఎవరూ రాయకపోవడమే కారణం. ఆ లోపం అలాగే రిలీజులోకి వెళ్లింది. సమయం, బిల్డ్ నంబరు, వాడిన ఖాతా, చేసిన పని, కనిపించిన ఫలితం వరుసగా ఉండాలి.

– సెషన్‌లో ఏం పరీక్షించాలో చెప్పే చార్టర్ ఒక్క వాక్యంలో ఉండాలి. "రీఫండ్ పరీక్షించాలి" అంటే దానికి అంతు ఉండదు. "రద్దు నొక్కగానే నెట్‌వర్క్ తెంచి, తిరిగి నొక్కితే రీఫండ్ మొత్తం మారుతుందేమో చూడాలి" అంటే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

– పరీక్షా ఖాతాలు, చెల్లింపులు జరిగిన టికెట్లు ముందే సిద్ధం చేసుకోండి. లేకపోతే 90 నిమిషాల సెషన్‌లో సగం వాటికే పోతుంది.

– చార్టర్‌కు బయటి లోపం కనిపిస్తే ఒక వరుసలో రాసి ముందుకు సాగండి. సీట్ల పటంలో రంగు తప్పిందని అటు వెళ్తే రీఫండ్ మిగిలిపోతుంది. డబ్బు నష్టపోయే లోపమైతే మాత్రం సెషన్ ఆపి వెంటనే చెప్పండి.

– చూడలేకపోయినవి కూడా రాయండి. తర్వాతి చార్టర్ వాటి నుంచే వస్తుంది.