అయిదేళ్లలో నాలుగు కంపెనీలు: కవర్ మెయిల్‌లో ఏం రాస్తే పిలుపొచ్చింది

పైడిభీమవరం ఫార్మా కంపెనీల క్యూసీ ల్యాబుల్లో తిరిగినవాళ్లకిది మామూలే: అర్హత సరిపోతుంది, రెజ్యూమే వెళ్తుంది, పిలుపు రాదు. నెలలు తీసేసి సంవత్సరాలే వేయడం, చిన్న ఉద్యోగం దాచడం, పేరాగ్రాఫు నిండా సంజాయిషీ, ఏవీ పనిచేయలేదు. పీఎఫ్ కట్టిన ఉద్యోగమైతే, దాచినా సర్వీస్ హిస్టరీలో బయటపడుతుంది.

పనిచేసింది ఇది. ముందు కాగితం మీద ఒక్కో ఉద్యోగానికి ఒక్క వాక్యం: చేరినప్పుడు రానిది, మానేసేనాటికి ఒంటరిగా చేయగలిగినది. కంపెనీ పేరు, జీతం వద్దు. నాలుగూ వరసగా చదివితే దారం కనిపిస్తుంది. ఆ దారాన్ని మెయిల్ రెండో పేరాలో నాలుగు వాక్యాలకు కుదించాలి:

"ముడిసరుకు పరీక్షలతో మొదలుపెట్టాను. తర్వాతి రెండు చోట్ల హెచ్‌పీఎల్‌సీ నడపడం, స్టెబిలిటీ శాంపిళ్లు చూడటం నేర్చుకున్నాను. ఇప్పుడు తేడా వచ్చిన ఫలితాలకు కారణం వెతికి రిపోర్టు రాస్తున్నాను. మీ ప్రకటనలో అడిగింది ఆ పనే."

చివరి ముక్క లేకపోతే మిగతాదంతా ఆత్మకథే. ఆ తర్వాత, ఈసారి ఎందుకు నిలబడతారో ఒక్క వాక్యం, అదీ నిజమైతేనే: ఇల్లు విజయనగరంలో ఉంది, షిఫ్టు బస్సు అందుతుంది, అలాంటిది. పాత మేనేజరు మీద మాట వద్దు.

నాలుగు నెలల కాంట్రాక్టు దారంలో ఇమడకపోతే బలవంతంగా ఇరికించకండి. "కాంట్రాక్టు ముగిసింది" చాలు. నాలుగు చోట్లా ఒకే పని చేసి జీతం కోసమే మారినవాళ్లకు ఇది కుదరకపోవచ్చు. మెయిల్ ఎవరూ చదవని పోర్టల్ దరఖాస్తులకైతే అసలు ఉపయోగం లేదు.