సెటిల్‌మెంట్ ఆలస్యం, సప్లయర్ అడ్వాన్స్ – 3వ పాఠం: పదమూడు వారాల పట్టికకు ఆలస్యం పరీక్ష

రెండో పాఠంలో పదమూడు వారాల నగదు పట్టిక గీయడం చూశాం. ఆ పట్టిక అన్నీ అనుకున్నట్టు జరిగితే ఏమవుతుందో చెబుతుంది. మార్కెట్‌ప్లేస్ మన డబ్బు ఆపితే ఏ వారంలో చిక్కు వస్తుందో, ఎంత తక్కువ పడుతుందో, ఎన్నాళ్లు తక్కువగా ఉంటుందో ముందే తెలియాలంటే దాని మీదే ఇంకో లెక్క వేయాలి. సప్లయర్‌కు అడ్వాన్స్ పంపకముందే వేయాలి. పంపాక బేరమాడే బలం సగానికి సగం పోతుంది.

మొదట మీ ఆలస్యం ఎంతో కొలవండి. మార్కెట్‌ప్లేస్ రాసుకున్న గడువు ఇక్కడ పనికిరాదు. చాలా చోట్ల ఆ గడువు ఆర్డరు వచ్చిన రోజు నుంచి కాకుండా సరుకు కొన్నవారికి చేరిన రోజు నుంచి, లేదా వాపసు గడువు ముగిసిన రోజు నుంచి మొదలవుతుంది. ఆపైన రిజర్వ్ పేరుతో కొంత ఆపుతారు, బ్యాంకు సెలవులు కలుస్తాయి. కాబట్టి గత ఎనిమిది సెటిల్‌మెంట్ నివేదికలు తీసి, ఒక్కోదానిలో అన్నిటికంటే పాత ఆర్డరు తేదీకీ డబ్బు బ్యాంకులో పడిన తేదీకీ మధ్య ఎన్ని రోజులో రాసుకోండి. వాటి సగటు తీయకండి, అన్నిటికంటే పెద్ద అంకెనే పట్టికలో వాడండి. సప్లయర్‌కు కట్టాల్సిన వారం ఒక్కటే ఉంటుంది, ఆ వారంలో డబ్బు లేకపోతే మిగతా వారాల సగటు ఎంత బాగున్నా అక్కరకు రాదు.

వచ్చే డబ్బు గడిలో అమ్మకం మొత్తం రాయడం తరచూ జరిగే తప్పు. కమిషన్, రవాణా, వాపసులు, ప్రకటనల కోతలు పోగా బ్యాంకుకు చేరేదే రాయాలి. ప్రకటనల ఖర్చు సెటిల్‌మెంట్‌లోనే కోసుకుంటుంటే దాన్ని మళ్లీ ఖర్చుల గడిలో వేయకండి.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. ఒక అమ్మకందారుకు వారానికి 100 ముక్కలు అమ్ముడవుతాయి, కోతలు పోను 70,000 చేతికొస్తుంది. వారం ఖర్చులు 25,000. అంటే వారానికి 45,000 మిగులు, సరుకు కొనుగోలు ఇందులోంచే. చేతిలో 1,50,000 ఉంది. కొత్తగా 800 ముక్కలు కావాలి, ఒక్కోటి 400 చొప్పున 3,20,000. సప్లయర్ షరతు ప్రకారం 30 శాతం, అంటే 96,000 మొదటి వారంలో. మిగతా 2,24,000 ఐదో వారంలో, సరుకు బయలుదేరేముందు. సరుకు ఏడో వారం మొదట్లో చేరుతుంది. అప్పటిదాకా అమ్మడానికి పాత నిల్వ సరిపోతుంది.

పట్టికలో B వచ్చేది, C ఖర్చులు, D సప్లయర్‌కు కట్టేది, E వారాంతపు నిల్వ. E1లో చేతిలో ఉన్న డబ్బు వేసి, E2లో ఈ సూత్రం రాసి కిందికి లాగండి:

```
=E1+B2-C2-D2
```

సెటిల్‌మెంట్ ఎప్పట్లాగే రెండు వారాలకు వస్తే నాలుగో వారాంతానికి 2,34,000, ఐదో వారంలో బాకీ కట్టాక 55,000 ఉంటుంది. గట్టెక్కినట్టే. ఇప్పుడు పరీక్ష: మీ అతిపెద్ద ఆలస్యం నాలుగు వారాలు అనుకుందాం. మొదటి వారం అమ్మకాల నుంచే అది వర్తిస్తే మూడు, నాలుగు వారాల్లో బ్యాంకులో ఏమీ పడదు, ఐదో వారం నుంచి మళ్లీ 70,000 చొప్పున వస్తుంది. B గడిలో ఆ రెండు వారాలకు సున్నా పెట్టండి. నాలుగో వారాంతానికి నిల్వ 94,000. ఐదో వారంలో 85,000 తక్కువ.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఏడో వారానికల్లా నిల్వ 5,000కు తేరుకుంటుంది కనుక మూడు వారాల చేబదులు చాలనుకుంటారు. పట్టికను ఇంకాస్త కిందికి చదవండి. సరుకు ఆగకుండా ఉండాలంటే తొమ్మిదో వారంలో తర్వాతి 800 ముక్కలకు మళ్లీ 96,000 అడ్వాన్స్ కట్టాలి, నిల్వ మళ్లీ 1,000 లోటుకు పోతుంది. పదమూడో వారంలో దాని బాకీ కట్టేసరికి లోటు 45,000. ఆలస్యం నాలుగు వారాలకు స్థిరపడ్డాక మీ 1,40,000, అంటే రెండు వారాల రాబడి, మార్కెట్‌ప్లేస్ దగ్గరే ఉండిపోతుంది. అది నష్టం కాదు, కానీ గడువు మళ్లీ తగ్గేదాకా మీ చేతికి రాదు. ఎనిమిది వారాల చక్రానికి ఈ వ్యాపారంలో మిగిలేది 40,000 మాత్రమే. అందుకే మూడు వారాల అప్పు తీసుకున్నవారు దాన్ని తీర్చడానికి ఇంకో అప్పు చేయాల్సివస్తుంది. ఆలస్యం ఒక్కసారిదా, కొత్త గడువా అన్నది ముందు తేల్చుకోండి. ఒక్కసారిదైతే ఆగిన మొత్తం తర్వాతి సెటిల్‌మెంట్లలో ఒకేసారి పడుతుంది, అప్పుడు చిన్న అప్పు సరిపోతుంది.

కొత్త గడువే అయితే సప్లయర్‌తో మాట్లాడాల్సింది ధర గురించి కాదు, బాకీ తేదీల గురించి. అడగాల్సింది ఇలా ఉండాలి: "మొత్తం 800కు 30 శాతం అడ్వాన్స్ ఇప్పుడే ఇస్తాం. సగం సరుకు ఐదో వారంలో, సగం తొమ్మిదో వారంలో పంపండి. ఏ సగానికి ఆ సగం బాకీ పంపేముందు కట్టేస్తాం." ఆర్డరు పరిమాణం తగ్గదు కాబట్టి ధర పెంచమని సప్లయర్ అడగడానికి పెద్దగా కారణం ఉండదు. ఆయనకు నష్టం రెండో సగం తన గోదాములో నాలుగు వారాలు ఉండటమే, దాన్ని ఆయన తప్పకుండా ప్రస్తావిస్తారు. బదులుగా అడ్వాన్స్ 40 శాతం ఇవ్వమంటే వెంటనే ఒప్పుకోకుండా పట్టికలో వేసి చూడండి.

30 శాతంతో ఐదో వారంలో కట్టేది 1,12,000, నిల్వ 27,000. ఒక వారం ఖర్చు 25,000ను కదపకూడని కనీస నిల్వగా పెట్టుకుంటే అంచున నిలిచింది. 40 శాతమైతే మొదటి వారంలో 1,28,000 వెళ్తుంది, ఐదో వారానికి నిల్వ 11,000కు పడిపోతుంది. ఉదారంగా కనిపించే ఈ మాట ఇక్కడ చెల్లదు. సప్లయర్‌కు గోదాము అద్దె ఇవ్వడమే మేలు.

తొమ్మిదో వారంలో రెండో సగం బాకీ 1,12,000తో పాటు తర్వాతి ఆర్డరు అడ్వాన్స్ కూడా పడుతుంది. ఆ ఆర్డరును 800 కాకుండా 400కు పెడితే అడ్వాన్స్ 48,000, వారాంతపు నిల్వ 47,000. ఈ సర్దుబాటుకు రెండు మూల్యాలున్నాయి. రెండు విడతల రవాణా ఖర్చు పెరుగుతుంది. పైగా మొదటి 400 పదో వారాంతానికి అయిపోతాయి, రెండో సగం పదకొండో వారం మొదట్లో చేరుతుంది, మధ్యలో ఒక్క రోజు కూడా వెసులుబాటు లేదు. రవాణా ఒక వారం జారితే సరుకు ఖాళీ అవుతుంది. అందుకే బేరంలో తొమ్మిదో వారం బదులు ఎనిమిదో వారం అడిగి చూడండి. బాకీ అప్పుడు కట్టినా ఎనిమిదో వారంలో నిల్వ 50,000 ఉంటుంది, తొమ్మిదో వారాంతపు నిల్వ మారదు.

రవాణా పెంపు ఎక్కువనిపిస్తే అప్పుతో పోల్చండి. ఒకే విడతలో కట్టాలంటే 85,000 లోటు, 25,000 కనీస నిల్వ కలిపి 1,10,000 కావాలి. దానికి వడ్డీ లెక్కేసేటప్పుడు మూడు వారాలకు కాదు, కనీసం పదమూడో వారం దాటేదాకా వేయండి. ఆ వడ్డీ అదనపు రవాణా, గోదాము ఖర్చు కంటే తక్కువైతే అప్పే మంచిది. అమ్మకాల మీద మార్కెట్‌ప్లేస్ ఇచ్చే ముందస్తు డబ్బు అయితే, తిరిగి కోసుకునే మొత్తాన్ని B గడి నుంచి వారం వారం తగ్గించి పట్టికను మళ్లీ చదవాలి. ఆ కోత బాకీ కట్టే వారంలో పడితే లోటు అక్కడికే వచ్చి చేరుతుంది.

అభ్యాసం: మీ సొంత పట్టికలో ఆలస్యాన్ని ఒక వారం, రెండు వారాలు, మూడు వారాలు పెంచి మూడు నకళ్లు చేయండి. ప్రతి నకలులో నిల్వ కనీస గీత కిందికి పోయిన మొదటి వారాన్ని, అత్యధిక లోటును రాసుకోండి. నాలుగో పాఠంలో ఆ అంకెలతోనే సప్లయర్‌తో ఒప్పందపు షరతులు రాయడం నేర్చుకుంటాం.