ఇసుక లారీ వస్తే ముందు ఇనప చువ్వ తీసుకోండి

మన దగ్గర ఇసుక బేరం యూనిట్లలో నడుస్తుంది. యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. డ్రైవర్ "మూడు యూనిట్లండీ" అంటే సరేననకండి, బాడీ లోపలి కొలతలు తీసుకోండి.

మొన్న మా ఇంటికొచ్చిన లారీ పొడవు 14 అడుగులు, వెడల్పు 7. ఇసుక నడుమ గుట్టగా ఉంది, అంచుల్లో దిగిపోయింది. చువ్వ అడుగు తగిలేదాకా దింపి చూస్తే నాలుగు మూలల్లో రెండున్నర అడుగులు, మధ్యలో మూడున్నర. సగటు 2.7. అంటే 14 × 7 × 2.7 = 265 ఘనపుటడుగులు, 2.65 యూనిట్లే. యూనిట్ 3,000 చొప్పున 9,000 అడిగారు, లెక్కకు వచ్చింది 7,950.

కిరాయి వేరు. 40 కిలోమీటర్లకు 60 చొప్పున 2,400. ఈ కిలోమీటర్లు ఒకవైపువా, రానూపోనూనా అన్నది ముందే తేల్చుకోండి, గొడవంతా అక్కడే. మొత్తం 10,350ని 2.65తో భాగిస్తే ఇంటి దగ్గర యూనిట్ సుమారు 3,900 పడింది. ఇద్దరు వ్యాపారులను పోల్చాల్సింది ఈ అంకెతోనే. రేటు తక్కువైనా రీచ్ దూరమైతే కిరాయి తినేస్తుంది.

ఇసుక చెమ్మగా ఉంటే పొంగి ఎక్కువగా కనబడుతుంది, ఆరితే దిగుతుంది. అలాంటి లోడైతే ఇంకాస్త బేరమాడండి.